పెద్దల మెదడులో కొత్త నాడీకణాలు పుడతాయా? నెల తిరగకుండా వచ్చిన రెండు జవాబులు

నమస్కారం. 2018 మార్చిలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్‌ఫ్రాన్సిస్కో పరిశోధకులు షాన్ సోరెల్స్, ఆర్టురో అల్వరెజ్-బుయ్యా తమ సహచరులతో కలిసి నేచర్ పత్రికలో ఒక వ్యాసం ప్రచురించారు. మనిషి హిప్పోక్యాంపస్‌లో కొత్త నాడీకణాల పుట్టుక బాల్యంలోనే దాదాపు ఆగిపోతుందని, పెద్దవారిలో తమకు ఒక్క కొత్త కణమూ కనిపించలేదని ఆ వ్యాసం తేల్చింది. నెల తిరగకుండానే ఏప్రిల్‌లో, కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన మౌరా బోల్డ్రిని బృందం మరో పత్రికలో దానికి పూర్తిగా విరుద్ధమైన ఫలితం ప్రకటించింది. 14 ఏళ్ళ నుంచి 79 ఏళ్ళ వరకు వయసున్న 28 మంది మెదళ్ళను పరిశీలించామని, వృద్ధుల్లో కూడా వేల సంఖ్యలో కొత్త కణాలు కనిపించాయని వారు రాశారు. రెండు బృందాలూ చూసింది మెదడులోని ఒకే భాగాన్ని, చాలావరకు ఒకే గుర్తులతో. అలాంటప్పుడు ఒకరికి వేలల్లో కనిపించినవి మరొకరికి ఒక్కటి కూడా ఎందుకు కనిపించలేదన్నదే ఈరోజు మన విషయం.

ముందుగా చోటు ఏమిటో చూద్దాం. కణతల లోపలి భాగంలో, రెండు వైపులా, సముద్రపు గుర్రం ఆకారంలో వంగి ఉండే భాగమే హిప్పోక్యాంపస్. కొత్త జ్ఞాపకాలు ఏర్పడడానికి ఇది అవసరం. అందులో డెంటేట్ గైరస్ అనే సన్నని మడత ఒకటి ఉంది. వివాదమంతా ఆ మడతలో కిక్కిరిసి ఉండే చిన్న నాడీకణాల గురించే. ఎలుకల విషయంలో నేడు ఎవరికీ సందేహం లేదు. 1965లో జోసెఫ్ ఆల్ట్‌మన్, గోపాల్ దాస్ రేడియోధార్మిక థైమిడిన్‌తో ఎలుకల డెంటేట్ గైరస్‌లో కొత్త కణాలను చూపించారు. చాలా ఏళ్ళపాటు దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు కానీ, ఆ తరువాతి ప్రయోగాలు వారినే సమర్థించాయి. చిక్కంతా మనిషి దగ్గరే. ఎలుకకు ఇంజెక్షన్ ఇచ్చి, కొన్ని వారాల తరువాత దాని మెదడును కోసి చూడవచ్చు. మనిషికి ఆ పని చేయలేము.

అయినా ఒకసారి దాదాపు అలాంటి అవకాశమే దొరికింది. కణితిలో కణాలు ఎంత వేగంగా విభజన చెందుతున్నాయో తెలుసుకోవడానికి స్వీడన్‌లో కొందరు క్యాన్సర్ రోగులకు వైద్యులు బ్రోమోడీఆక్సీయురిడిన్ అనే పదార్థాన్ని రక్తనాళంలోకి ఎక్కించారు. కణం విభజనకు ముందు తన డీఎన్ఏకు నకలు రాసుకునేటప్పుడు ఈ పదార్థం అందులో చేరిపోతుంది. అంటే అది శరీరంలో ఉన్న సమయంలో పుట్టిన ప్రతి కణంపైనా ఒక తేదీ ముద్ర పడినట్టే. ఆ మందు కణితిని వెతుక్కుంటూ వెళ్ళదు, మెదడుకూ చేరుతుంది. పీటర్ ఎరిక్సన్, ఫ్రెడ్ గేజ్ ఈ సంగతిని ఉపయోగించుకుని, మరణించిన అయిదుగురు రోగుల హిప్పోక్యాంపస్‌లను పరీక్షించారు. డెంటేట్ గైరస్‌లో ఆ ముద్రతో పాటు నాడీకణ లక్షణాలు కూడా ఉన్న కణాలు కనిపించాయి. 1998లో వచ్చిన ఈ ఫలితంతోనే పెద్దల మెదడులో కొత్త కణాలు పుడతాయన్న మాట పాఠ్యపుస్తకాల్లోకి చేరింది. దెబ్బతిన్న డీఎన్ఏను సరిచేసుకునే పాత కణంలోనూ ఆ పదార్థం కొద్దిగా చేరవచ్చని విమర్శకులు అప్పుడే అన్నారు. అయిదుగురు మాత్రమే కావడం, ఆ పదార్థం విషపూరితం కనుక ఆరోగ్యవంతులకు ఇచ్చి మళ్ళీ పరీక్షించే వీలు లేకపోవడం ఈ ఆధారానికి ఉన్న పరిమితులు.

రెండో దారి అణుబాంబులు చూపించాయి. 1950ల నుంచి 1963 వరకు భూమిపైన జరిగిన అణు పరీక్షల వల్ల గాలిలో కార్బన్-14 పరిమాణం దాదాపు రెట్టింపై, పాక్షిక నిషేధ ఒప్పందం తరువాత ఏటేటా తగ్గుతూ వచ్చింది. మొక్కల ద్వారా అది మన తిండిలోకి, తిండి ద్వారా కొత్తగా తయారయ్యే డీఎన్ఏలోకి చేరింది. కాబట్టి ఒక కణపు డీఎన్ఏలోని కార్బన్-14ను కొలిస్తే ఆ కణం ఇంచుమించు ఏ ఏడాదిలో పుట్టిందో చెప్పవచ్చు. స్వీడన్‌లోని కరోలిన్‌స్కా సంస్థలో కిర్స్టీ స్పాల్డింగ్, యోనాస్ ఫ్రిసెన్ ఇదే పద్ధతిలో లెక్కవేసి, ఒక్కో హిప్పోక్యాంపస్‌లో రోజుకు దాదాపు 700 కొత్త నాడీకణాలు చేరుతున్నాయని, మారుతూ ఉండే కణాల్లో ఏటా 1.75 శాతం కొత్తవని 2013లో ప్రకటించారు.

ఈ 700 అనే సంఖ్యను పట్టుకుని ఒక చిన్న లెక్క వేద్దాం. 2018 నాటి గొడవ దేని గురించో ఆ లెక్కతోనే బాగా అర్థమవుతుంది. హిప్పోక్యాంపస్ పొడవు సుమారు 4 సెంటీమీటర్లు అనుకుని, దాన్ని 40 మైక్రాన్ల మందంతో పొరలుగా కోస్తే వెయ్యి పొరలు వస్తాయి. కణం విభజన చెందే దశ ఒక్క రోజే ఉంటుందనుకుంటే, ఏ క్షణంలో చూసినా విభజన చెందుతున్న కణాలు 700 మాత్రమే, అంటే పొరకు ఒకటి కూడా రావు. కొన్ని పొరలు మాత్రమే చూసినవారికి అవి కనిపించకపోవడంలో ఆశ్చర్యం లేదు. పుట్టిన కణం పూర్తి స్థాయి నాడీకణంగా ఎదగడానికి పట్టే కాలం మాత్రం వేరు. ఎలుకల్లో అది కొన్ని వారాలు. కోతుల్లో ఆరు నెలలు, అంతకు మించి కూడా పడుతుందని ప్రయోగాలు చెబుతున్నాయి. మనిషిలో ఆరు నెలలే అనుకున్నా 700ను 180 రోజులతో హెచ్చవేస్తే లక్షా 26 వేల పసి కణాలు ఒకేసారి ఉండాలి. అంటే పొరకు వందకు పైగా. ఇవి కనిపించి తీరాలి. సోరెల్స్ బృందానికి పెద్దవారిలో ఇవే కనిపించలేదు. కాబట్టి 2013 నాటి లెక్క తప్పయినా కావాలి, కణాలు ఉండి కూడా గుర్తు పడకపోయినా కావాలి.

గుర్తు అంటే ఇక్కడ ముఖ్యంగా డబుల్‌కార్టిన్ అనే ప్రోటీన్. కణం పసిగా, ఇంకా కదులుతూ, కొమ్మలు చాచుకుంటున్న దశలో ఇది ఎక్కువగా ఉంటుంది. పరిశోధకులు దానికి అంటుకునే ప్రతిరక్షకాలతో రంగు వేసి వెలిగిన కణాలను లెక్కిస్తారు. అయితే మెదడు కణజాలం దొరకగానే దాన్ని రసాయనంలో నానబెట్టి గట్టిపరచాలి. మాద్రిద్‌లోని మరియా లొరెన్స్-మార్టిన్ బృందం 2019లో ఈ మెట్టునే పట్టుకుంది. ఒకే మెదడు నుంచి తీసిన ముక్కలను వేర్వేరు గంటలపాటు నానబెట్టి చూస్తే, నానిన కాలం పెరిగేకొద్దీ డబుల్‌కార్టిన్ వెలుగు తగ్గిపోయింది. మెదళ్ళ భాండాగారాల్లో ముక్కలు నెలలు, ఏళ్ళ తరబడి ఆ ద్రవంలోనే ఉండిపోవడం మామూలు. నానబెట్టే కాలాన్ని అదుపులో ఉంచినప్పుడు 43 నుంచి 87 ఏళ్ళ వయసున్న 13 మంది ఆరోగ్యవంతుల్లో వేల కణాలు వెలిగాయని, అల్‌జైమర్స్ రోగుల్లో వాటి సంఖ్య బాగా పడిపోయిందని ఆమె బృందం రాసింది. మరణానికీ కణజాలం భద్రపరచడానికీ మధ్య జరిగే జాప్యం కూడా ఇలాంటి చిక్కే తెస్తుంది.

ఇక్కడితో వివాదం తీరిపోయిందని చాలామంది అనుకున్నారు. నాకు మాత్రం ఆ తీర్పు తొందరపాటుగా అనిపిస్తుంది, ఎందుకంటే అవతలి పక్షం వాదనలోనూ బలం ఉంది. వారి నమూనాల్లో 22 మూర్ఛ రోగుల శస్త్రచికిత్సలో తీసినవి. వాటికి మరణానంతర జాప్యం అనేదే లేదు, అయినా వాటిలోని పెద్దవారి కణజాలంలో పసి కణాలు లేవు. అంతేకాదు, అదే పద్ధతిలో అదే రంగు వేసినప్పుడు శిశువుల మెదళ్ళలో చదరపు మిల్లీమీటరుకు 1,600 వరకు వెలిగిన కణాలు 13 ఏళ్ళ వయసుకు రెండు మూడుకు పడిపోయాయి. రంగు పనిచేయకపోతే శిశువుల్లో మాత్రం ఎలా పనిచేసింది? మూర్ఛ వల్ల ఆ భాగమే దెబ్బతిని ఉండవచ్చని దీనికి ఎదుటివారి జవాబు. అల్వరెజ్-బుయ్యా ఈ రంగానికి బద్ధవ్యతిరేకి కాదని కూడా గుర్తుంచుకోవాలి. పాడే పక్షుల మెదడులో పెద్దయ్యాక కొత్త నాడీకణాలు పుడతాయని చూపినవారిలో ఆయన ఒకరు.

డబుల్‌కార్టిన్‌పై ఇంకో అనుమానం ఉంది. నాకు అన్నింటికంటే గట్టిదిగా తోచేది ఇదే. ఆ ప్రోటీన్ ఉంటే కణం పసిదని తెలుస్తుంది కానీ, కొత్తగా పుట్టిందని తెలియదు. అమిగ్డాలా దగ్గర ఉండే ఒక భాగంలో, బాల్యంలోనో అంతకు ముందో పుట్టి, దశాబ్దాలపాటు ఎదగకుండా అలాగే ఉండిపోయే పసి నాడీకణాలు పెద్దల్లోనూ ఉన్నాయని ఇదే సోరెల్స్ బృందం 2019లో చూపించింది. డెంటేట్ గైరస్‌లోనూ అలాంటివే ఉంటే, వేల కణాలు వెలగడం నిజమే, అవి కొత్తవి కాకపోవడమూ నిజమే.

రంగుల మీద నమ్మకం సన్నగిల్లాక పోరు కణంలోని ఆర్ఎన్ఏ చదివే పద్ధతికి మారింది. ఒక్కో కణ కేంద్రకాన్ని విడివిడిగా తీసుకుని, అందులో ఏ జన్యువులు పనిచేస్తున్నాయో చూస్తే అది మూలకణమా, పసి నాడీకణమా, ఎదిగినదా అన్నది ఒక్క ప్రోటీన్‌తో పని లేకుండా తేలుతుందని ఆశించారు. విచిత్రంగా అక్కడా జవాబు చీలిపోయింది. 2022లో యేల్‌లోని నెనాద్ సెస్తాన్ బృందం పంది, కోతి మెదళ్ళలో మూలకణం నుంచి నాడీకణం వరకు సాగే దారిని స్పష్టంగా చూసింది కానీ మనిషిలో ఆ దారి కనిపించలేదు. అదే ఏడాది పెన్సిల్వేనియాలోని హాంగ్‌జున్ సాంగ్, గువో-లి మింగ్ బృందం, శిశువుల పసి కణాల జన్యు లక్షణాలను కంప్యూటర్‌కు నమూనాగా నేర్పి పెద్దల కణాల్లో వెతికించి, పసి కణాలు వృద్ధాప్యం వరకు ఉన్నాయని ప్రకటించింది. 2025లో ఫ్రిసెన్ బృందం ఇంకో అడుగు ముందుకు వేసి, పుట్టిన శిశువు నుంచి 78 ఏళ్ళ వయసు వరకు కణజాలం తీసుకుని, విభజనలో ఉన్న కణాలనే ముందుగా వేరుచేసి చదివింది. పెద్దల్లో కొందరిలో నాడీకణాలకు దారితీసే పూర్వకణాలు దొరికాయి, కొందరిలో దాదాపు లేవు.

ఇందులో రెండు సంగతులు ఉన్నాయి. పిల్లల కణాలతో నేర్చుకున్న కంప్యూటర్, ఎదిగిన కణాల్లో కాస్త పోలిక కనిపించినా వాటిని పసివే అనవచ్చునని విమర్శకులు అంటున్నారు, ఆ భయం అర్థవంతమైనదే. కానీ ఫ్రిసెన్ బృందం చూసినవి విభజన చెందుతున్న కణాలు, కాబట్టి దశాబ్దాలుగా ఎదగకుండా ఉండిపోయిన పాత కణాలన్న అభ్యంతరం వాటికి వర్తించదు. అందుకే ఇప్పటి ఆధారాలను బట్టి, పెద్దల్లో కొత్త నాడీకణాల పుట్టుక అసలే లేదనడం కష్టమనీ, రోజుకు 700 అన్న సంఖ్య అందరికీ వర్తిస్తుందనడం అంతకంటే కష్టమనీ నేను అనుకుంటున్నాను. మనిషికీ మనిషికీ మధ్య తేడా అంత ఎక్కువగా ఉన్నప్పుడు, పది ఇరవై మెదళ్ళు చూసిన ఒక బృందానికి కణాలు దొరకడం, మరొక బృందానికి దొరకకపోవడం రెండూ జరగవచ్చు. బతికున్న మనిషి మెదడులో ఈ కణాలను స్కానింగ్‌తో లెక్కించే పద్ధతి ఇంకా లేదు. అందువల్ల పుట్టిన కణంపై పుట్టినప్పుడే తేదీ ముద్ర వేసి మనిషిలో చూసిన ప్రత్యక్ష ఆధారం కోసం, ఈ రంగం ఇప్పటికీ ఆ అయిదుగురు క్యాన్సర్ రోగుల దగ్గరికే తిరిగి వెళ్ళవలసి వస్తోంది.