సాలిడ్ పెర్ఫ్యూమ్: గట్టిదనం ఎలా కుదుర్చుకోవాలి

శ్రోతలందరికీ నమస్కారం.

చిన్న డబ్బాలో మైనంలా ఉండి, వేలితో రుద్ది మణికట్టుకో చెవి వెనకో రాసుకునే సెంటును మీలో కొందరు చూసే ఉంటారు. దాన్నే సాలిడ్ పెర్ఫ్యూమ్ అంటున్నారు. స్ప్రే సెంటులో ఎక్కువ భాగం ఆల్కహాలు ఉంటుంది. ఇందులో ఆ చోటు తేనెమైనానిది, నూనెది. ఇంట్లో చేసుకోవడానికి తేనెమైనం, ఏదైనా ఒక మంచి నూనె, సువాసన నూనె ఉంటే చాలు. కరిగించి కలపడం అరగంటలో అయిపోతుంది. తేడా వచ్చేదల్లా గట్టిదనం దగ్గరే. ఒకరికి రాయిలా తయారై వేలికి అంటదు, మరొకరికి వెన్నలా జారిపోతుంది. ఈరోజు ముఖ్యంగా దాని గురించే మాట్లాడతాను.

మా పిన్ని కూతురు హైదరాబాద్‌లో ఉంటుంది. జనవరిలో 6 గ్రాముల తేనెమైనం, 20 గ్రాముల కొబ్బరినూనె, 4 గ్రాముల మల్లె సువాసన నూనె కలిపి 30 గ్రాముల సెంటు చేసింది. చక్కగా కుదిరింది. వేలు పెట్టి రెండుసార్లు తిప్పితే పలచగా అంటుకునేది. ఆ కొలతతోనే మే నెలలో మళ్లీ చేసి, విజయవాడలో పెళ్లికి వచ్చిన చుట్టాలకు పంచిపెట్టింది. అక్కడ మూత తీస్తే పైన నూనె చెమట పట్టినట్టు ఉంది, వేలు పెడితే దిగబడిపోయింది. కొలత మారలేదు, సరుకు కూడా మారలేదు. మరి ఏం మారింది?

కరిగిన తేనెమైనం చల్లారేటప్పుడు కంటికి కనిపించనంత చిన్న పలకల్లా గడ్డకడుతుంది. ఆ పలకలు ఒకదానికొకటి అల్లుకుని, మధ్యలో నూనెను కదలకుండా పట్టి ఉంచుతాయి. గట్టిదనం ఆ అల్లిక ఇచ్చేదే. మైనం ఎక్కువైతే అల్లిక దట్టమై సెంటు బిగుసుకుంటుంది, తక్కువైతే నూనె జారి బయటికి వస్తుంది. అసలు తేనెమైనం 62 నుంచి 64 డిగ్రీల దగ్గర కరుగుతుంది. నూనె కలిశాక మాత్రం ఆ మిశ్రమం అంతకంటే బాగా తక్కువ వేడికే మెత్తబడుతుంది. ఇక కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. జనవరిలో హైదరాబాద్ ఇంట్లో కొబ్బరినూనె తానే పేరుకుని ఉంటుంది కాబట్టి, సెంటు గట్టిదనంలో దాని వంతూ ఉంది. మే నెల విజయవాడలో అది పూర్తిగా నీళ్లలా ఉంటుంది. అప్పుడు భారమంతా ఆ 6 గ్రాముల మైనం మీదే పడింది.

అందుకే మన ఎండలకు కొబ్బరినూనెతో చేయవద్దంటాను. ఏడాది పొడవునా ద్రవంగానే ఉండే నూనె తీసుకుంటే సెంటు ఎలా ఉంటుందో ముందే అంచనా వేయవచ్చు. జొజొబా నూనె దొరికితే అన్నిటికంటే మంచిది, అది త్వరగా ముక్కిపోదు. ధర ఎక్కువ అనుకుంటే బాదం నూనె వాడండి. నువ్వుల నూనెకు సొంత వాసన ఉంది, అది సెంటును మింగేస్తుంది.

ఇప్పుడు కొలతకు వద్దాం. ఇక్కడ నూనె, సువాసన నూనె రెండూ కలిపి ద్రవం అనుకోండి, ఎందుకంటే మైనం మోయాల్సింది రెండింటినీ. ఒక వంతు మైనానికి నాలుగు వంతుల ద్రవం పోస్తే మెత్తగా వస్తుంది, చలికాలానికి బాగుంటుంది. మూడు వంతులైతే మధ్యరకం. రెండు వంతులైతే బాగా గట్టిగా ఉంటుంది, గట్టిగా రుద్దితే గాని వేలికి రాదు. కోస్తా ఎండలకు రెండుకూ మూడుకూ మధ్యలో ఉంటే సరిపోతుంది. 30 గ్రాములకు 9 గ్రాముల మైనం, 17 గ్రాముల బాదం నూనె, 4 గ్రాముల సువాసన నూనె అని రాసుకోండి.

ఇదంతా తూకమే, చెంచా లెక్క పనికిరాదు. తురిమిన మైనం చెంచాలో వదులుగా పడుతుంది, అదే ముక్క అయితే నిండుగా ఉంటుంది. వంటింటి కాటా సాధారణంగా గ్రాము కంటే తక్కువ చూపదు. పదో వంతు గ్రాము చూపే చిన్న డిజిటల్ కాటా ఆన్‌లైన్‌లో తేలిగ్గా దొరుకుతుంది. ఈ పనికి అది కొనాల్సిందే.

ఒక్కసారే మొత్తం సరుకు కరిగించకండి, ముందు చిన్న నమూనా చేసి చూడండి. మూడో వంతు చాలు. 3 గ్రాముల మైనం, 7 గ్రాముల నూనె తీసుకోండి. సువాసన నూనె కూడా గట్టిదనం విషయంలో ద్రవమే కాబట్టి, దాని బరువుకు కూడా మామూలు నూనే పోశాం. ఖరీదైన సెంటు వృథా కాకుండా గట్టిదనం తెలిసిపోతుంది. సువాసన నూనె సాధారణంగా మామూలు నూనె కంటే పలచగా ఉంటుంది. అందువల్ల నమూనా మీకు కావలసిన దానికంటే కాస్త గట్టిగా ఉండేలా చూసుకోండి.

చాలామంది చల్లటి చెంచా మీద చుక్క వేసి, ఫ్రిజ్‌లో రెండు నిమిషాలు పెట్టి, వేలితో నొక్కి చూస్తారు. ఫ్రిజ్‌లోంచి తీసిన ఏ మైనమైనా గట్టిగానే ఉంటుంది. ఆ చెంచాను బయట అరగంట ఉంచి, గది వేడికి వచ్చాక చూడాలి. అదైనా తొందరలో వేసుకునే అంచనా మాత్రమే. అల్లిక పూర్తిగా బిగియడానికి కొన్ని గంటలు పడుతుంది. నమూనాను చిన్న మూతలో పోసి రాత్రంతా వదిలేసి, మర్నాడు మధ్యాహ్నం వేడిగా ఉన్నప్పుడు చూడండి. వేలిని తేలిగ్గా ఆనించి రెండు మూడుసార్లు తిప్పితే సన్నని పొర రావాలి. గోరుతో గీకితే గాని రాకపోతే మైనం ఎక్కువైంది. వేలు పెట్టిన చోట గుంట పడితే తక్కువైంది.

నమూనా కుదిరాక అసలు పని. వెడల్పు గిన్నెలో నీళ్లు పోసి సన్న మంట మీద పెట్టి, అందులో మైనం, నూనె ఉన్న చిన్న స్టీలు గిన్నె ఉంచండి. నేరుగా మంట మీద మైనం కరిగించకూడదు, అది అంటుకోగలదు. మైనం తురుము పూర్తిగా కరిగి నూనె తేటగా అయ్యాక గిన్నె దించండి. అడుగు తడి తుడవండి, ఒక్క నీటి చుక్క కూడా లోపల పడకూడదు. ఒకటి రెండు నిమిషాలు ఆగి, అంచుల్లో మైనం పేరుకోవడం మొదలవకముందే సువాసన నూనె పోసి, మెల్లగా కలిపి డబ్బాల్లో వంచండి. మరీ వేడిలో పోస్తే సువాసన గాలిలో కలిసిపోతుంది. మరీ ఆలస్యమైతే డబ్బాలో గడ్డలు, చారలు వస్తాయి. మైనం చల్లారేటప్పుడు కుంచించుకుంటుంది, అందుకే మధ్యలో చిన్న గుంట పడవచ్చు. ఒక చెంచాడు మిశ్రమం మిగుల్చుకుని మళ్లీ వేడిచేసి పైన పోస్తే అది నిండిపోతుంది.

ఇక పాడైన సరుకును సరిచేసే లెక్క చెబుతాను. మా చెల్లెలి దగ్గర 30 గ్రాముల సెంటులో 6 గ్రాముల మైనం ఉంది, అంటే 20 శాతం. 30 శాతం కావాలంటే 9 గ్రాములు ఉండాలి కదా, ఇంకో 3 గ్రాములు కలిపితే చాలనుకుంది. కానీ మైనం కలిపిన కొద్దీ మొత్తం బరువు కూడా పెరుగుతుంది. 3 గ్రాములు కలిపితే 33లో 9, అంటే 27 శాతమే. నిజానికి 4.3 గ్రాములు కావాలి. అప్పుడు 34.3 గ్రాములకు 10.3 గ్రాముల మైనం అవుతుంది, 30 శాతం లెక్క కుదురుతుంది. ముందు కొత్త మైనాన్ని ఒక్కదాన్నే కరిగించి, అందులో పాత సెంటును ముక్కలుగా వేసి, మూత పెట్టి, కరిగీ కరగగానే దించేయాలి. ఇలా చేస్తే పాత సెంటు వేడి మీద ఉండే సమయం తగ్గుతుంది, సువాసన ఎక్కువ పోదు. అయినా వాసన కొంచెం పలచబడుతుంది, ఎందుకంటే ఆ 4 గ్రాములు ఇప్పుడు ఎక్కువ బరువుకు సర్దుకోవాలి.

కొన్నిసార్లు మైనం సరిపడా ఉన్నా పైన చుక్కలు తేలుతుంటాయి. అప్పుడు సువాసన నూనెను అనుమానించాలి. అగరుబత్తీలకు, డిఫ్యూజర్లకు అమ్మే కొన్ని రకాలను, చవక అత్తర్లలో కొన్నింటిని, గ్లైకాల్ లాంటి ద్రవంతో పలచన చేస్తారు. అది నూనెలో, మైనంలో కలవదు, మెల్లగా విడిపోయి చుక్కలుగా బయటికి వస్తుంది. ఎంత మైనం పోసినా ఆగదు. కొనేముందు నూనెలో కలుస్తుందా అని అడగండి. ఇంట్లో కూడా తేల్చుకోవచ్చు. చిన్న గాజు సీసాలో బాదం నూనె పోసి, నాలుగు చుక్కలు వేసి ఊపి, ఒక రాత్రి వదలండి. అడుగున పొర కట్టినా, మసకబారి ఉన్నా, దాన్ని వాడకండి. ఇంట్లో ఉన్న స్ప్రే సెంటును వేడి మైనంలో పోసే ఆలోచన అసలే వద్దు. అందులో ఆల్కహాలు ఉంటుంది, మంటకు అంటుకుంటుంది.

సువాసన నూనె చర్మానికి వాడదగినదని అమ్మేవాళ్లు రాసి ఇచ్చిందే తీసుకోండి. కొవ్వొత్తుల కోసం చేసినవాటిలో కొన్ని ఒంటికి పనికిరావు. ఏ శాతం దాకా వాడవచ్చో, ఇఫ్రా అనే అంతర్జాతీయ సువాసనల సంస్థ నియమాల ప్రకారం అమ్మేవాళ్లు ఇచ్చే పత్రంలో ఉంటుంది. నేను చెప్పిన 4 గ్రాములు దాదాపు 13 శాతం అవుతుంది, ఆ పత్రంలో అంతకంటే తక్కువ రాసి ఉంటే దాన్నే పాటించి, తగ్గించినంత బరువుకు బాదం నూనె పోయండి, గట్టిదనం పెద్దగా మారదు. నిమ్మ, బెర్గమాట్ లాంటి తొక్క నుంచి పిండిన నూనెలు రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కమిలే ప్రమాదం ఉంది. కొత్త సెంటును ముందు మోచేతి లోపలి వైపు కొంచెం రాసి, ఒక రోజు చూసి వాడండి.

పచ్చి మల్లెపూలు వేయవచ్చా అని చాలామంది అడుగుతారు. పూలలోని తడి నూనెలోకి దిగి సెంటును చెడగొడుతుంది. వేడికి మల్లె వాసన ఉడికిన ఆకు వాసనగా మారుతుంది కూడా. పూలు జడలోనే పెట్టుకోండి.

డబ్బా మీద చేసిన తేదీతో పాటు మైనం, నూనె, సువాసన గ్రాముల లెక్క చిన్న కాగితం మీద రాసి అంటించండి. ఎండలో నిలిపిన కారులో మాత్రం ఏ కొలతతో చేసినా కరుగుతుంది, అక్కడ వదలకండి. కరిగి మళ్లీ గడ్డకడితే, పై పొర నూనె తేలి గరుకుగా కనిపిస్తుంది. ఒకసారి సన్న వేడి మీద కరిగించి పోస్తే మామూలైపోతుంది. ముక్కిన నూనె వాసన వస్తే మాత్రం దాన్ని కరిగించినా లాభం లేదు, పారేయాల్సిందే. గిన్నెలో మిగిలిన మైనాన్ని వేడిగా ఉండగానే పాత కాగితంతో తుడిచేయండి. సింకులో పోస్తే గొట్టంలో గడ్డకడుతుంది.

నమస్కారం.