జెల్ రాసిన మోకాలికి ఉప్పు కాపడం: ట్యూబు వెనక చిన్న అక్షరాల్లో ఏముంది?

(దృశ్యం: మెడికల్ షాపు కౌంటర్. సగం వాడిన నొప్పి జెల్ ట్యూబు, దాని పక్కన ముడి వేసిన పాత చీర ముక్క.)

నమస్తే. నేను కడపలో ఒక మెడికల్ షాపులో ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. ఈ ట్యూబు మా జేజిది. ఈ గుడ్డ ముక్క కూడా ఆమెదే. ఇందులో ఉప్పు పోసి మూట కట్టి, పెనం మీద వేడి చేసి, మోకాలికి కాపడం పెట్టుకుంది. అప్పటికి అదే మోకాలికి ఈ జెల్ రాసుకుని అరగంట కూడా కాలేదు.

నాలుగు రోజులు వరసగా కూర్చుని శెనక్కాయలు వలిచింది. మోకాళ్ళు పట్టేశాయి. జెల్ రాసింది, హాయిగా చల్లగా అనిపించింది. దాని మీద కాపడం కూడా పెడితే నొప్పి ఇంకా తొందరగా పోతుందనుకుంది. పొద్దున లేచేసరికి మోకాలి పక్కన రూపాయి బిళ్ళంత బొబ్బ, చుట్టూ ఎర్రగా కమిలిన చర్మం. నాకు ఫోన్ చేసి అడిగింది: "నాయనా, ఉప్పు మరీ కాలలేదే, చెయ్యి పెట్టి చూసే పెట్టినాను గదా, ఎందుకిట్ల పొక్కింది?"

జేజి అడిగింది న్యాయమైన ప్రశ్న. చేత్తో పట్టుకోగలిగిన మూట మోకాలిని ఎలా కాల్చింది? జవాబు ట్యూబు మీదే ఉంది.

(దృశ్యం: ట్యూబు వెనక వైపు దగ్గరగా. వేలు ఒక్కో పేరు కింద కదులుతుంది.)

ముందు వైపు పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టిన పేరు. దాన్ని వదిలేయండి. వెనక్కి తిప్పితే, ఏమేమి ఎంతెంత కలిపారో ఉంటుంది. జేజి ట్యూబు మీద ఇలా ఉంది: డైక్లోఫెనాక్ డైఇథైలమైన్ 1.16 శాతం, అవిసె నూనె 3 శాతం, మిథైల్ సాలిసిలేట్ 10 శాతం, మెంథాల్ 5 శాతం. మన దగ్గర అమ్మే చాలా జెల్‌లలో అటూ ఇటూగా ఇవే ఉంటాయి.

మొదటిది డైక్లోఫెనాక్. నొప్పికి మాత్రగా వేసుకునేది, ఇంజెక్షన్‌గా వేయించుకునేది కూడా ఈ మందే. దెబ్బ తగిలినప్పుడో, కీలు అరిగినప్పుడో అక్కడ ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు తయారై నొప్పినీ వాపునీ పెంచుతాయి. ఈ మందు వాటి తయారీని తగ్గిస్తుంది. 1.16 అనే అంకె చూసి, 1 శాతం ఉన్న జెల్ కంటే ఇది బలమైనదేమో అని కొందరు అడుగుతారు. కాదు. మందును ఏ లవణంగా చేశారన్న దాన్ని బట్టి బరువు మారుతుంది. ఆ పేరు పక్కనే "డైక్లోఫెనాక్ సోడియం 1 శాతానికి సమానం" అని ఉంటుంది చూడండి. రెండూ ఒకటే బలం.

ఈ మందు రాసినప్పుడు చల్లగానూ ఉండదు, మంటగానూ ఉండదు. ఒట్టి డైక్లోఫెనాక్ మాత్రమే ఉన్న జెల్ ఇస్తే, "ఇది పనిచేయట్లేదు సార్, ఏమీ తెలియట్లేదు" అని వెనక్కి తెచ్చినవాళ్ళు మా షాపులో చాలామంది ఉన్నారు. చల్లదనమే మందు అనుకోవడం వల్ల వచ్చే చిక్కు ఇది.

చల్లదనం మెంథాల్‌ది. పుదీనా జాతి మొక్కల నుంచి వస్తుంది. ఇది చర్మాన్ని నిజంగా చల్లబరచదు. చలిని కనిపెట్టే నరాల చివర్లను తట్టి, "ఇక్కడ చల్లగా ఉంది" అని మెదడుకి కబురు పంపిస్తుంది. మెదడు ఆ చల్లదనం మీద పడి, లోపలి నొప్పిని కాసేపు పట్టించుకోదు. ఆ ఉపశమనం నిజమైనదే. కానీ అది రాసినచోట బయటి వేడి ఎంత తగులుతోందో మనకు సరిగా తెలియదు.

ఇక మిథైల్ సాలిసిలేట్. ట్యూబు మూత తీయగానే ముక్కుకి తగిలే ఘాటు వాసన దీనిదే. ఆస్పిరిన్‌కి దగ్గరి చుట్టం. చర్మాన్ని కొంచెం రేపి, అక్కడికి రక్తం ఎక్కువగా వచ్చేలా చేస్తుంది, అందుకే కాసేపటికి వెచ్చగా అనిపిస్తుంది. ఇది చర్మం గుండా రక్తంలోకి కూడా బాగానే వెళ్తుంది. వేడి తగిలితే ఇంకా ఎక్కువగా వెళ్తుంది.

(దృశ్యం: తెల్ల కాగితం మీద చేత్తో గీసిన మోకాలు. పైన జెల్ పొర, దాని మీద ఉప్పు మూట.)

ఇప్పుడు జేజి మోకాలి దగ్గరికి వద్దాం. జెల్ ముందే చర్మాన్ని రేపి ఉంచింది. అక్కడికి రక్తం ఎక్కువగా వస్తోంది. మెంథాల్ వల్ల వేడి సరిగా తెలియడం లేదు. ఆ సమయంలో ఉప్పు మూట పెట్టింది. ఉప్పు వేడిని చాలాసేపు పట్టి ఉంచుతుంది కదా. మామూలుగా అయితే రెండు నిమిషాలకి "అబ్బా" అని తీసేసేది. చల్లగా ఉంది కాబట్టి అలాగే ఉంచింది, పైగా జారకుండా గుడ్డతో కట్టింది. కట్టేసరికి గాలి ఆడలేదు, మందు ఆవిరి కాకుండా అక్కడే ఉండిపోయి ఇంకా లోపలికి ఇంకింది. చేత్తో చూసినప్పుడు వేడి సరిగ్గానే ఉంది. కానీ ఆ చేతికి జెల్ రాసిలేదు.

ఇది మా ఇంటికే జరిగిన వింత కాదు. ఇలాంటి పూత మందుల వల్ల బొబ్బలెక్కే స్థాయి కాలిన గాయాలు అరుదుగా వస్తున్నాయని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2012 సెప్టెంబరులో హెచ్చరించింది. తీవ్రమైన వాటిలో ఎక్కువ భాగం మెంథాల్ 3 శాతం, మిథైల్ సాలిసిలేట్ 10 శాతం దాటిన వాటి వల్లే వచ్చాయి. కొందరికి ఒక్కసారి రాసినందుకే, వేడి పెట్టకుండానే వచ్చాయి. జేజి ట్యూబులో మెంథాల్ 5 శాతం ఉంది. అందుకే ఆ రెండు పేర్ల పక్కన ఉన్న అంకె చూడమంటున్నాను.

మరి కాపడం మానేయాలా? అక్కర్లేదు. అరిగిన మోకాళ్ళకి కాపడం మంచిదే. రెండూ ఒకేసారి వద్దు, అంతే. పొద్దున కాపడం పెట్టుకుంటే, రాత్రి పడుకునే ముందు జెల్ రాసుకోండి. కాపడం పెట్టే ముందు పాత జెల్‌ని సబ్బుతో కడిగేయండి. వేడినీళ్ళ స్నానం కూడా కాపడం లాంటిదే. స్నానం చేసి వచ్చిన వెంటనే రాయకండి, చర్మం మామూలు వేడికి రానివ్వండి. రాసిన తర్వాత కనీసం గంట సేపు దాన్ని కడగకండి, గట్టిగా పట్టీ కట్టకండి. మన ఎండల గురించి కూడా చెప్పాలి. ఏప్రిల్, మే నెలల్లో జెల్ రాసుకుని మోకాలు ఎండకి పెట్టి చేలో కూర్చోవద్దు. డైక్లోఫెనాక్ రాసినచోట ఎండ తగలకుండా బట్ట కప్పుకోవాలి, వదులుగా.

(దృశ్యం: బైకు మీద నుంచి పడ్డ కుర్రవాడి మోచేయి. చెక్కుకుపోయిన చర్మం. చేతిలో స్ప్రే డబ్బా.)

ఇంకో సంగతి, పోయిన నెల షాపులోనే జరిగింది. ఒక కుర్రాడు కంకర మీద బైకు జారి పడ్డాడు. మోచేయి చెక్కుకుపోయి రక్తం చెమరుస్తోంది. స్ప్రే ఇవ్వమన్నాడు. "జెల్ అయితే రుద్దాలి అన్నా, స్ప్రే అయితే తాకకుండా కొట్టొచ్చు" అన్నాడు. వినడానికి సరిగానే ఉంది, కానీ స్ప్రేలో కూడా మందు ఇదే. పైగా సాధారణంగా ఆల్కహాల్ ఉంటుంది. పుండు మీద పడితే మంట ప్రాణం తీస్తుంది.

మంట ఒక్కటే అయితే ఓర్చుకోవచ్చు. అసలు సంగతి చర్మానిది. పై పొర ఒక గోడలాంటిది. గోడ బాగున్నప్పుడు, జెల్‌గా రాసిన డైక్లోఫెనాక్ రక్తంలోకి చాలా తక్కువగా వెళ్తుంది, మాత్ర వేసుకున్నప్పుడు చేరే దాంట్లో సుమారు 6 శాతం. పూత మందుకి కడుపులో మంట తక్కువ ఉండేది అందుకే. గోడ చెక్కుకుపోయిన చోట ఆ లెక్క పనిచేయదు. తామర, గజ్జి, ఎండకి కమిలిన చర్మం, అప్పుడే గీసిన చర్మం, అన్నీ చెక్కుకుపోయిన గోడలే. ఆ కుర్రాడికి గాయం నీళ్ళతో కడిగి, శుభ్రమైన డ్రెస్సింగు వేసి పంపాను. నొప్పి జెల్ ఇవ్వలేదు. ఇంకో మాట, స్ప్రే డబ్బాలోని ఆవిరి అంటుకుంటుంది. పొయ్యి దగ్గర, బీడీ వెలిగించేచోట కొట్టకండి, ఎండలో నిలబెట్టిన బండి డిక్కీలో పెట్టకండి.

(దృశ్యం: మళ్ళీ కౌంటర్. మాట్లాడే మనిషి.)

మంట ఎక్కువైతే ఎలా తెలుసుకోవాలి? కాస్త చల్లదనం, కాస్త వెచ్చదనం, చీమలు పాకినట్టు ఉండటం మామూలే. రాసినచోట నొప్పిగా మండినా, ఉబ్బినా, బొబ్బ లేచినా అది మామూలు కాదు. వెంటనే సబ్బు, చల్లటి నీళ్ళతో కడిగేయండి. కాలినట్టుంటే కుళాయి నీళ్ళు 20 నిమిషాలు పోయండి. బొబ్బని చిదమకండి, టూత్‌పేస్టు, పసుపు పూయకండి. డాక్టర్‌కి చూపించండి. షుగర్ ఉన్నవాళ్ళు ఒక రోజు కూడా ఆగవద్దు.

మీరు మా షాపుకి వస్తే జెల్ ఇచ్చే ముందు నేను అడిగేవి ఇవి. రక్తం పలచబడటానికి వార్ఫరిన్ లాంటి మాత్ర వాడుతున్నారా? మిథైల్ సాలిసిలేట్ ఉన్న జెల్ ఎక్కువగా రాస్తే దాని పని పెరిగి రక్తస్రావం కావచ్చు. ఆస్పిరిన్‌కో నొప్పి మాత్రకో ఎప్పుడైనా ఆయాసం వచ్చిందా? కిడ్నీ జబ్బు ఉందా? కడుపుతో ఉన్నారా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా డాక్టర్‌ని అడిగాకే. ఇదే మందు మాత్రగా వేసుకుంటూ పైన జెల్ కూడా రాస్తుంటే, అది కూడా నాకు చెప్పండి. ఇంట్లో చంటిపిల్లలుంటే ట్యూబు అందకుండా పెట్టండి, మిథైల్ సాలిసిలేట్ మింగితే విషం.

జేజి బొబ్బ పది రోజుల్లో మానింది. కొత్త చర్మం వచ్చేదాకా ఆ మోకాలికి ఏమీ రాయనివ్వలేదు. ఇప్పుడు మెంథాల్ లేని ఒట్టి డైక్లోఫెనాక్ జెల్ ఇచ్చాను. "చల్లగా లేదే నాయనా, ఇది మందేనా?" అని మొదటి రెండు రోజులు నన్ను అడుగుతూనే ఉంది. మూడో వారం దాటినా నొప్పి ఉంటే ఎముకల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తానని చెప్పాను. ఉప్పు మూట మాత్రం మానలేదు. పొద్దున పూట, ఒట్టి మోకాలికి పెట్టుకుంటోంది.