ఆ తులం ఎన్ని గ్రాములు బాబాయ్?

నేను: ఇవాళ మా బాబాయిని కూర్చోబెట్టాను. ముప్పై ఏళ్లు బంగారం కొట్లో కాటా ముందు గడిపిన మనిషి. బాబాయ్, తిరుపతి నుంచి పిన్ని ఫోన్ చేసింది. మద్రాసులో బంగారం సవరనుకి దాదాపు ఏడు వేలు చవకట, వెళ్లి తెచ్చుకుంటానంటోంది.

బాబాయి: బస్సు టికెట్ తీయకముందే ఆపు. తను ఏ రేటుతో పోల్చింది?

నేను: పేపర్లో పది గ్రాములు లక్ష అని ఉందట. ఎనిమిది గ్రాములంటే ఎనభై వేలు కదా? వాళ్లు సవరను 73,333 అన్నారు.

బాబాయి: పేపర్లో చూసింది 24 క్యారెట్లది. మద్రాసులో సవరను రేటంటే 22 క్యారెట్లది, ఎనిమిది గ్రాములకి. లెక్క తేలిగ్గా ఉంటుందని మేలిమి గ్రాము పదివేలే అనుకుందాం. దాన్ని 22తో గుణించి 24తో భాగిస్తే 9,167. ఎనిమిది గ్రాములకి 73,333. అంటే రెండుచోట్లా ఒకటే రేటు, అక్కడ చవకేం లేదు. పైగా ఇందులో తరుగు, మజూరీ, జీఎస్టీ ఏవీ కలవలేదు.

నేను: మన కోస్తాలో కాసు అంటామే, అదీ ఇదేనా?

బాబాయి: బరువు అదే, ఎనిమిది గ్రాములు. కానీ అసలు ఇంగ్లండు సవరను నాణెం 7.988 గ్రాములే. అదీ 22 క్యారెట్లది, అందులో మేలిమి 7.32 గ్రాములు. పాత నాణెం అమ్మేటప్పుడు కాటా మీద ఎనిమిది చూపించలేదని అరిగిపోయిందనుకోవద్దు.

నేను: తులం సంగతేంటి? మా ఇంట్లో దాని మీద గొడవే అయింది.

బాబాయి: అవుతుంది మరి. పాత తులం 11.664 గ్రాములు. ఇప్పుడు మన కొట్లలో ఎక్కువమంది తులమంటే పది గ్రాములే. మీ తాతమ్మ ‘ఐదు తులాల హారం’ అని చెప్పి ఉంటే అది 58.3 గ్రాములై ఉండొచ్చు. ఈ కాలం పిల్ల 50 అనుకుంటుంది. తేడా ఒక కాసుకి పైమాటే! అందుకే నేను రసీదు మీద తులం అని రాయనిచ్చేవాణ్ని కాదు, గ్రాములే రాయించేవాణ్ని. మా యజమాని విసుక్కునేవాడనుకో.

నేను: ఇక ఔన్సు. అమెరికాలో ఉన్న తమ్ముడు ‘ఈగిల్’ నాణెం తెచ్చాడు, ఒక ఔన్సు. గూగుల్లో ఔన్సు 28.35 గ్రాములని చూసి ఉంచుకున్నాను.

బాబాయి: అది పప్పుదినుసుల ఔన్సమ్మా. బంగారానిది ట్రాయ్ ఔన్సు, 31.103 గ్రాములు. అంతర్జాతీయ రేటు డాలర్లలో దీనికే చెబుతారు. ఔన్సు 3,110 డాలర్లనుకో. 31.103తో భాగిస్తే గ్రాముకి వంద వస్తుంది. నీ 28.35తో భాగిస్తే దాదాపు 110 వచ్చి, ఇక్కడి కొట్టువాడు బాగా చవకగా ఇస్తున్నాడని భ్రమ కలుగుతుంది. పాత తులంతో మాత్రం ఔన్సుకి చక్కగా పొసగుతుంది. ఎనిమిది తులాలు సరిగ్గా మూడు ఔన్సులు.

నేను: మరి నాణెం కాటా మీద పెడితే 33.93 చూపించిందేంటి? ఔన్సు కంటే ఎక్కువ.

బాబాయి: ఆ, అసలు తిరకాసు అక్కడుంది. ఈగిల్ 22 క్యారెట్ల నాణెం. ‘ఒక ఔన్సు’ అని దాని మీద రాసింది లోపలున్న మేలిమి గురించి. రాగి, వెండి కలిపేసరికి మొత్తం 33.93. ఇప్పుడు దాన్ని అమ్మబోతే కొట్టువాడు ఏమంటాడో విను. ‘ఒక ఔన్సు అంటే 31.1, 22 క్యారెట్లు కాబట్టి 28.5 గ్రాముల మేలిమికి కడతాను’ అంటాడు. కల్తీ భాగాన్ని రెండోసారి తీసేశాడన్నమాట. పదివేల లెక్కన పాతిక వేల పైనే పోయింది.

నేను: అమ్మో! కావాలనే చేస్తారా?

బాబాయి: కొందరికి నిజంగా తెలియదు. మనవైపు ఆ నాణెం ఎప్పుడోగానీ రాదు. నేనూ మొదటిసారి అలాగే కట్టబోయాను, పక్కనున్న ముసలి పనివాడు నా చెయ్యి పట్టుకున్నాడు.

నేను: అయితే వాడితో ఏమని అడగాలి?

బాబాయి: ముందు నీ కళ్ల ముందే తూకం వేయించు. తర్వాత టచ్ మిషన్‌లో పెట్టి మేలిమి శాతం చూడమను, 91.67కి అటూ ఇటూగా రావాలి. ఆ రెండూ గుణిస్తే 31.1 వస్తుంది. దాన్ని ఆరోజు 24 క్యారెట్ల గ్రాము రేటుతో గుణించాలి, 22ది కాదు. ఆ తర్వాత కొనుబడి కోత ఎంతో అడుగు, అది వాడి ఇష్టం.

నేను: పిన్నికి ఫోన్ చేసి బస్సు వద్దని చెబుతానుండు.

బాబాయి: చెప్పు. ఆవిడ వినదు గానీ, వెళ్తే తరుగు శాతమైనా అడగమను.