ఇంటర్వ్యూకి పిలిచే ఉత్తరం ఎలా రాయాలి

అందరికీ నమస్కారం. ఈరోజు కెమెరా గురించీ లైటింగ్ గురించీ మాట్లాడను. వాటికంటే ముందు వెళ్లే ఒక కాగితం గురించి మాట్లాడతాను. గుంటూరు నుంచి అమరావతి వెళ్లే రోడ్డులో లాం ఫారం ఉంది కదా, 1922లో మొదలైన వ్యవసాయ పరిశోధనా కేంద్రం. దాని చరిత్ర మీద డాక్యుమెంటరీ తీసే పనిలో ఉన్నాం. అక్కడ పత్తి మీద పనిచేసి రిటైరైన ఒక కీటక శాస్త్రవేత్తకు మేం పంపిన ఆహ్వానం సంగతి చెబుతాను. ఆయనకు ఎనభై దాటాయి. పేరు చెప్పను, మీకు దాంతో అవసరం కూడా లేదు.

మామూలుగా ఇలాంటి ఉత్తరం ఎలా ఉంటుందంటే, "మీ అమూల్యమైన అనుభవాలు మా చిత్రంలో పంచుకోవాల్సిందిగా కోరుతున్నాం" అని రాసి కింద సంతకం పెట్టేస్తారు. అది చదివిన పెద్దాయనకు ఏం గుర్తుకొస్తుంది? ముప్పై ఏళ్ల సర్వీసు మొత్తం ఒకేసారి కళ్లముందుకు వస్తుంది, అంటే ఏదీ రానట్టే. అందుకే జవాబు కూడా ఒకేలా వస్తుంది, "నేను చెప్పేదేముంది బాబూ, అన్నీ వార్షిక నివేదికల్లో ఉన్నాయి" అని. ఆ మాట వచ్చిందంటే మనం ఏం కావాలో సరిగా అడగలేదన్నమాట. నివేదికలో విడుదలైన రకం ఉంటుంది, దిగుబడి ఉంటుంది. కానీ ఏ మొక్కల్ని ఎందుకు పీకేశారు, ఏ రైతు చేలో నిలబడి తమ అంచనా తప్పని గ్రహించారు, ఇవి అందులో ఉండవు. ఆయన దగ్గర మనకు కావాల్సింది సరిగ్గా అదే.

కాబట్టి ఉత్తరంలో ఒక్క కాలాన్నే పట్టుకున్నాం. 1984-85 నుంచి గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని ఆకుల రసం పీల్చే తెల్లదోమ ముంచేసింది. పైరెత్రాయిడ్ అనే పురుగు మందులు అప్పుడప్పుడే వాడకంలోకి వచ్చాయి, కాయ పురుగు చస్తోందని రైతులు మళ్లీ మళ్లీ కొట్టారు, దోమను తినే మిత్ర పురుగులు పోయి దోమ మిగిలింది. అది విసర్జించే తీపి జిగురు ఆకుల మీద పడి మసి పట్టి, పగిలిన కాయల్లో దూది కూడా నల్లబడేది. ఆ తర్వాత 1987-88లో శనగపచ్చ పురుగు. ఎన్నిసార్లు కొట్టినా చావని పురుగు. ఈ దెబ్బల మధ్యే లాంలో తెల్లదోమను తట్టుకునే కాంచన రకం వచ్చింది.

ఉత్తరంలో ఈ భాగం ఇలా రాశాం:

"డాక్టర్ గారికి నమస్కారాలు. లాం ఫారం చరిత్ర మీద తీస్తున్న చిత్రంలో తెల్లదోమ కాలం గురించి మీతో మాట్లాడాలని ఉంది. ఆకు మీద నూగు ఎక్కువుంటే పచ్చదోమ తగ్గుతుంది కానీ తెల్లదోమ పెరుగుతుంది, నున్నగా ఉంటే ఇది తిరగబడుతుంది. ఈ రెండింటి మధ్య మొక్కల్ని ఎలా ఎంచుకునేవారో, చేలోకి వెళ్లినప్పుడు మొదట ఆకులో ఏం చూసేవారో మీ మాటల్లో వినాలని ఉంది. మందు పనిచేయడం లేదన్న అనుమానం మొదట మీకు ఎక్కడ కలిగిందో కూడా. అప్పటి పొలం నోటుపుస్తకాలు, ఫొటోలు ఏమైనా ఇంట్లో ఉంటే బయటికి తీసి ఉంచగలరా?"

నూగు సంగతి రాసింది మా పాండిత్యం చూపించడానికి కాదు. విషయం తెలిసినవాళ్లతో మాట్లాడబోతున్నానని ఆయనకు నమ్మకం కలగాలి, లేకపోతే కెమెరా ముందు పాఠం మొదలెడతారు, తెల్లదోమ అంటే ఏమిటో దగ్గర్నుంచి. అయితే ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. మనకు దొరికిన తేదీలూ జవాబులూ ఉత్తరంలో గుమ్మరించకూడదు. "ఫలానా ఏడాది మీరు ఫలానా ఊళ్లో దోమను చూశారట కదా" అని రాస్తే, నెల తర్వాత కూర్చున్నప్పుడు ఆయన తన జ్ఞాపకం చెబుతున్నారో మన ఉత్తరం చెబుతున్నారో ఎవరికీ తెలియదు, ఆయనకు కూడా. విషయం చెప్పాలి కానీ జవాబు చెప్పకూడదు. ప్రశ్నల జాబితా పంపమని అడిగినా నాలుగు అంశాలు మాత్రమే పంపుతాం. జాబితా మొత్తం పంపితే జవాబులు రాసుకుని చదువుతారు, ఆ చదవడం గొంతులో ఇట్టే తెలిసిపోతుంది.

రెండో కష్టం ఇంకా పెద్దది. 1987-88లో పత్తి నష్టాలతో మన దగ్గర రైతులు ఆత్మహత్యలు చేసుకున్నారు. ఆ మాట ఎత్తకుండా ఈ చిత్రం లేదు. మరి ఉత్తరంలో రాస్తే ఆయన రారేమో అని టెన్షన్. రాయకుండా పిలిచి కెమెరా నడుస్తుండగా అడిగితే, అది మోసం. నా దృష్టిలో ఇందులో రెండో ఆలోచనే లేదు, రాయాల్సిందే. రాశాం కూడా: "ఆ సంవత్సరాల్లో రైతుల చావుల గురించి కూడా అడుగుతాం. మీరు మాట్లాడలేనంటే ఆ ప్రశ్న వదిలేస్తాం, మళ్లీ అటు తిప్పం." దాని పక్కనే ఇంకో వాక్యం, "ప్రభుత్వ సర్వీసులో పనిచేసినవారిగా చెప్పడానికి మీకు ఇబ్బంది అనిపించినవీ, తోటి ఉద్యోగుల గురించినవీ, రికార్డయ్యాక కూడా తీసేయమని చెప్పవచ్చు" అని. రిటైరై ఎన్నేళ్లయినా ఆ భయం పోదు, పెన్షన్ మీద ఏదైనా వస్తుందేమోనని ఇంట్లోవాళ్లు కూడా అంటారు.

మాట ఇచ్చాక నిలబెట్టుకునే దారి కూడా అందులోనే ఉండాలి. అందుకే ఎడిటింగ్‌కి ముందు ఆయన మాట్లాడిందంతా అక్షరం పొల్లుపోకుండా టైపు చేయించి పంపుతామనీ, చూసి చెప్పడానికి మూడు వారాలు టైమ్ ఇస్తామనీ రాశాం. చిత్రంలో వాడేది ఎనిమిది నిమిషాలే కావచ్చు, మిగతా రికార్డింగు ఎక్కడ ఉంచుతామో, ఎవరు చూడొచ్చో కూడా ఆయన్నే అడిగాం. సంతకం పెట్టే కాగితం నకలు ఉత్తరంతోపాటే పంపాం. కెమెరా సర్దాక కాగితం చేతిలో పెడితే ఎవరైనా చదవకుండా సంతకం చేసేస్తారు.

ఇక చిన్న విషయాలు, కానీ ఇవే చాలాసార్లు పని చెడగొడతాయి. మైకులో శబ్దం వస్తుందని ఫ్యాన్ ఆపాలి. గుంటూరులో మే నెలలో ఎనభై ఏళ్లాయన్ని గంటన్నర ఫ్యాన్ లేకుండా కూర్చోబెట్టడం కుదరదు, కాబట్టి డిసెంబరు, జనవరి, పొద్దున్న తొమ్మిదికి అని రాశాం, మధ్యలో ఆపి విశ్రాంతి ఇస్తామని కూడా. వచ్చేది ముగ్గురమే అని రాశాం. వాళ్లింటి ఆడవాళ్లు పదిమందికి టిఫిన్ల ఏర్పాటు మొదలుపెట్టకుండా ఉండాలి కదా. ఏ భాషలో మాట్లాడమన్నామంటే, ప్రయోగశాల విషయం ఇంగ్లీషులో వచ్చినా పర్వాలేదు, రైతుతో అన్నది మాత్రం అన్నది అన్నట్టు తెలుగులోనే కావాలని. ఉత్తరం పెద్ద అక్షరాల్లో రెండు పేజీలు, ప్రింటు తీసి రిజిస్టర్డ్ పోస్టులో పంపాం. వాట్సాప్‌లో వస్తే మనవడు చదివి "తాతయ్యా, ఎవరో టీవీ వాళ్లు" అంటాడు, అంతటితో సరి.

పంపి పదిరోజులు ఆగి ఫోన్ చేశాం. అప్పుడు వస్తారా రారా అని అడగలేదు, ఉత్తరంలో ఏదైనా సరిగా లేదా అని అడిగాం. "నూగు గురించి రాశారు, సగమే రాశారు" అన్నారాయన, మొదలుపెట్టి ఇరవై నిమిషాలు ఆపలేదు. మేం మధ్యలోనే ఆపించాల్సి వచ్చింది, "డాక్టర్ గారూ, ఇది కెమెరా ముందు చెప్పండి" అని. ఎందుకంటే ఫోన్లో ఒకసారి బాగా చెప్పేసిన కథ రెండోసారి "మీకు చెప్పాను కదా" అంటూ సగానికి సగం కుదించుకుపోతుంది. తేదీ ఖాయం చేసుకుని పెట్టేశాం. నోటుపుస్తకాలు అటక మీద ఉన్నాయట, దింపడానికి మనిషిని పంపమన్నారు.