పెట్టె, గీత, చుక్క: ఇన్, ఆన్, ఎట్ నేర్పే పద్ధతి

అందరికీ నమస్కారం.

మారతహళ్లి చుట్టుపక్కల పీజీల్లో ఉంటూ ఉద్యోగాలు వెతుక్కునే మన తెలుగు పిల్లలకి స్పోకెన్ ఇంగ్లీషు చెప్పేవాళ్లు ఈ హాల్లో చాలామంది ఉన్నారు. వాళ్లకి పనికొచ్చేలా ఈరోజు మూడే మూడు మాటల గురించి మాట్లాడతాను. ఇన్, ఆన్, ఎట్.

గ్రామర్ పుస్తకంలో ఈ మూడింటికీ పేజీల కొద్దీ జాబితాలు ఉంటాయి. పిల్లలు వాటిని బట్టీ కొడతారు, పరీక్షలో ఖాళీలు పూరిస్తారు. ఇంటర్వ్యూలో నోరు తెరిచే సమయానికి మాత్రం ఆ జాబితా గుర్తుకు రాదు, తెలుగు ‘లో’ గుర్తుకొస్తుంది. మనం ఇంట్లో అంటాం, బస్సులో అంటాం, ఫోన్లో, టీవీలో, రెండో అంతస్తులో, జూన్‌లో అంటాం. ఇంగ్లీషులో అవి ఎట్ హోమ్, ఆన్ ది బస్, ఆన్ ది ఫోన్, ఆన్ టీవీ, ఆన్ ది సెకండ్ ఫ్లోర్, ఇన్ జూన్. మన ఒక్క ‘లో’ అక్కడ మూడు చోట్లకి చెదిరిపోతుంది. కాబట్టి ‘లో’కి ఇంగ్లీషు మాట ఏమిటని వెతకడం మానిపించాలి. దాని బదులు బోర్డు మీద మూడు బొమ్మలు గీయండి: ఒక పెట్టె, ఒక గీత, ఒక చుక్క. లోపల ఉంటే పెట్టె, అది ఇన్. గీతని గానీ ఉపరితలాన్ని గానీ అంటుకుని ఉంటే ఆన్. ఫలానా చోటు అని ఒక గుర్తు పెట్టి చూపిస్తే చుక్క, అది ఎట్.

బెంగళూరులో దీనికి మెట్రో మ్యాప్‌కి మించిన పాఠం లేదు. ఊరు మొత్తం పెట్టె, ఇన్ బెంగళూరు. పర్పుల్ లైన్ పేరులోనే గీత ఉంది, ఆన్ ది పర్పుల్ లైన్. ఇందిరానగర్ స్టేషన్ ఆ గీత మీద చుక్క, ఎట్ ఇందిరానగర్ స్టేషన్. తర్వాత ఎంజీ రోడ్డు దగ్గరికి రండి. ఆ పేరుతో ఒక రోడ్డూ ఉంది, ఒక స్టేషనూ ఉంది. మా ఆఫీసు ఎంజీ రోడ్డులో ఉంది అనాలంటే రోడ్డు గీత కాబట్టి ఆన్ ఎంజీ రోడ్. ఎంజీ రోడ్డు స్టేషన్లో కలుద్దాం అనాలంటే ఎట్ ఎంజీ రోడ్. పేరు ఒకటే అయినా మనసులో గీసుకున్న బొమ్మని బట్టి మాట మారుతుంది. పిల్లలకి ఇది ఒక్కసారి కళ్లకి కట్టిందంటే సగం పని అయినట్టే.

చోటు బాగా పట్టుబడ్డాకే కాలానికి వెళ్లండి, రెండూ ఒకే రోజు కలపొద్దు. కాలానికీ అవే మూడు బొమ్మలు. ఏడాది, నెల, రుతువు పెట్టెలు. రోజు గీత. గడియారంలో సమయం చుక్క. మెట్రో కథే మళ్లీ తీసుకుందాం. మన మెట్రోలో మొదటి రైళ్లు బైయప్పనహళ్లి, ఎంజీ రోడ్ల మధ్య 2011 అక్టోబరు 20న మొదలయ్యాయి. ఏడాది మాత్రమే చెబితే ఇన్ 2011. నెలతో చెబితే ఇన్ అక్టోబర్ 2011. తేదీ పక్కన చేరగానే ఆన్ 20 అక్టోబర్ 2011. అక్టోబరు ఎక్కడికీ పోలేదు, 2011 కూడా అక్కడే ఉంది. అయినా రోజు వచ్చింది కాబట్టి ఆన్ వచ్చింది.

నా దృష్టిలో మొత్తం పాఠంలో విలువైన సూత్రం ఇదే: మాటల్లో రోజు కనిపిస్తే ఆన్. పొద్దున అంటే ఇన్ ది మార్నింగ్, సోమవారం పొద్దున అంటే ఆన్ మండే మార్నింగ్. రాత్రికి ఎట్ నైట్ అనడం ఒక మినహాయింపు, దాన్ని అలాగే నేర్పేయండి. కానీ శుక్రవారం రాత్రి అనగానే ఆ మినహాయింపు కూడా పోయి ఆన్ ఫ్రైడే నైట్ అవుతుంది. పండగ రోజైనా అంతే, ఆన్ ఉగాది.

దీనికి ఒక హద్దు ఉంది. నెక్స్ట్, లాస్ట్, దిస్, ఎవ్రీ అనే నాలుగు మాటల్లో ఏది ముందు నిలబడినా మూడింటిలో ఏదీ రాదు. ఐ విల్ జాయిన్ నెక్స్ట్ మండే, అంతే. టుమారో, యెస్టర్డే కూడా ఇదే దారి. ఇక్కడ తెలుగు మనకి తోడొస్తుంది, ‘వచ్చే సోమవారం చేరతాను’ అన్నప్పుడు మనమూ ఏమీ తగిలించం.

పిల్లవాడు ఎక్కడ ఆగిపోయాడో వాడి తప్పే చెబుతుంది. ఇన్ మండే అన్నాడంటే ఇంకా ‘లో’ని అనువదిస్తున్నాడు, మళ్లీ బొమ్మల దగ్గరికి తీసుకెళ్లండి. ఆన్ నెక్స్ట్ మండే అన్నాడంటే సూత్రం వచ్చింది, హద్దు రాలేదు. ఈ రెండో తప్పుకి కోప్పడకండి, అది ముందుకు వేసిన అడుగు. ఆ నాలుగు మాటలు గుర్తు చేస్తే చాలు.

బండ్ల సంగతి పిల్లలు తప్పకుండా అడుగుతారు. బస్సు, కారు రెండూ పెట్టెల్లాగే ఉన్నాయి కదా, ఆన్ ది బస్, ఇన్ ది కార్ ఎందుకు అని. లోపల లేచి నిలబడి నడవగలిగితే ఆన్ అని చెప్పండి: బస్సు, రైలు, మెట్రో, విమానం. వంగి ఎక్కి కూర్చోవడమే అయితే ఇన్: కారు, క్యాబ్, ఆటో. బైకు మీద ఎలాగూ పైనే కూర్చుంటాం కాబట్టి ఆన్. బస్సు లోపల ఏదో ఉందని చెప్పేటప్పుడు ఇన్ ది బస్ అన్నా తప్పు కాదు. అది మొదటి రోజు చెప్పక్కర్లేదు.

ఎట్, ఇన్ మధ్య తేడాకి నేను ఎప్పుడూ ఆసుపత్రి ఉదాహరణే చెప్తాను, ఎందుకంటే అక్కడ పొరపాటు జరిగితే అవతలివాళ్లు కంగారు పడతారు. పరీక్షల రిపోర్టు తీసుకోవడానికి వెళ్లిన అమ్మాయి మేనేజరుకి ఐ యామ్ ఇన్ హాస్పిటల్ అని మెసేజ్ పెడితే, ఆమె అడ్మిట్ అయిందని ఆయన అనుకుంటాడు. ఐ యామ్ ఎట్ ది హాస్పిటల్ అంటే ఏదో పని మీద ఆ చోట ఉన్నాను అని మాత్రమే అర్థం. బ్యాంకుకీ అంతే. పని మీద వెళ్తే, గేటు బయట నిలబడి ఉన్నా ఎట్ ది బ్యాంక్. గోడల లోపల ఉన్నానని చెప్పాల్సి వస్తేనే ఇన్.

ఇక పరీక్ష పెట్టే తీరు. ఖాళీలు పూరించమంటే మూడింటిలో ఒకటి గుడ్డిగా రాసినా కొన్ని సరిపోతాయి, వాడికి వచ్చిందో రాలేదో మీకు తెలియదు. ఒక తెలుగు వాక్యం ఇవ్వండి: ‘సోమవారం పొద్దున పదింటికి ఇందిరానగర్ స్టేషన్ దగ్గర ఉంటాను.’ ముందు నోటితో చెప్పనివ్వకండి, బొమ్మలు గీయమనండి. స్టేషనుకి చుక్క, పదింటికి చుక్క, సోమవారం పొద్దునకి గీత. గీశాక చూసి చెప్పమనండి: ఐ విల్ బి ఎట్ ఇందిరానగర్ స్టేషన్ ఎట్ టెన్ ఆన్ మండే మార్నింగ్. తెలుగులో కాలం ముందు, చోటు తర్వాత వచ్చాయి. ఇంగ్లీషులో చోటు ముందుకెళ్లింది, పెద్ద కాలం చివరికి చేరింది. బొమ్మలు గీసుకున్న పిల్లవాడికి ఈ తారుమారు అంత కష్టం అనిపించదు, ఏ బొమ్మకి ఏ మాటో ముందే తేలిపోయింది కాబట్టి. ఆ తర్వాత పదింటిని తీసేయండి, సోమవారాన్ని ‘వచ్చే సోమవారం’ చేయండి, స్టేషన్ బదులు ఎంజీ రోడ్డు పెట్టండి. ఒక్కో మార్పుకి ఏ మాట మారుతుందో, ఏది పూర్తిగా పోతుందో వాళ్లనే చెప్పమనండి. బై, అంటిల్, సిన్స్, ఫర్ జోలికి మాత్రం ఈ వాక్యం తడుముకోకుండా వచ్చేదాకా వెళ్లకండి.