‘చూద్దాంలే’ అంటే తలుపు ఇంకా గట్టిగా కొడతారు: పెళ్ళి ప్రశ్నకు జవాబు చెప్పే పద్ధతి

[తెర మీద: మూసి ఉన్న తలుపు. బయట నుంచి తడుతున్న చెయ్యి.]

కూతురికి ముప్పై నాలుగేళ్ళు. పెళ్ళి కాలేదు. ఫోన్ పెట్టేసే ముందు అమ్మ ప్రతిసారీ అడుగుతుంది: "ఏమైనా ఆలోచించావా?" కూతురు ప్రతిసారీ "చూద్దాంలే అమ్మా" అంటుంది. ఆ సాయంత్రం ఇద్దరికీ పాడవుతుంది.

దీనికి అందరూ ఇచ్చే సలహా ఒకటే. కూతురికేమో "ఒక్కసారి గట్టిగా చెప్పెయ్, మళ్ళీ అడగరు" అంటారు. అమ్మానాన్నలకేమో "గట్టిగా ఓ మాట అనండి, దారికొస్తుంది" అంటారు. ఈ సలహా విన్న ప్రతిసారీ నాకు ఒళ్ళు మండుతుంది. అసలు ఈ గొడవ నడుస్తున్నదే గట్టిగా అనడం మీద. దానికి ఇంకాస్త గట్టిదనం కలిపితే ఎలా తగ్గుతుంది?

ఈ తలుపు చూడండి. బయట ఉన్నవాళ్ళు తట్టారు, లోపలి నుంచి చప్పుడు లేదు. వినపడలేదేమో అనుకుని ఇంకొంచెం గట్టిగా తట్టారు. లోపల ఉన్న మనిషికి మాత్రం మొదటి దెబ్బే వినపడింది. తలుపు తీస్తే ఇల్లంతా వాళ్ళదైపోతుందన్న భయంతో గడియ పెట్టుకుంది. గడియ చప్పుడు విని బయటివాళ్ళు బాదడం మొదలుపెట్టారు. ఇప్పుడు ఎవరిని అడిగినా తప్పు అవతలివాళ్ళదే. "తలుపు తీయట్లేదు కాబట్టి బాదుతున్నాం." "బాదుతున్నారు కాబట్టి తీయట్లేదు."

ఒకరు అడిగేకొద్దీ ఇంకొకరు తప్పుకోవడం అనే ఈ వరసని ఆండ్రూ క్రిస్టెన్‌సన్ అనే మనస్తత్వవేత్త దంపతుల మధ్య చాలాకాలం పరిశీలించారు. అమ్మానాన్నలకీ పిల్లలకీ మధ్య కూడా ఇదే నడుస్తుంది. 'చూద్దాంలే' అన్న మాట దీనికి అసలైన ఇంధనం. అది అవునూ కాదు, కాదూ కాదు. అందుకే మళ్ళీ అడిగితే ఈసారి జవాబు వస్తుందేమో అన్న ఆశ మిగులుతుంది. ఆ నిమిషం గడవడానికి అన్న మాటే వచ్చేవారం ప్రశ్నని పిలుస్తుంది.

కాబట్టి తలుపు తీయాలి. కానీ తీసి గుమ్మంలో నిలబడి మాట్లాడటం వేరు, ఇల్లు అప్పగించడం వేరు. ఈ వీడియో గుమ్మంలో మాట్లాడటం గురించి.

[తెర మీద: గుమ్మం. తలుపు సగం తెరిచి ఉంది.]

ముందు సమయం. ఫోన్ చివర్లో వచ్చిన ప్రశ్నకి ఫోన్ చివర్లోనే జవాబు చెప్పకండి. బంధువుల ముందు అసలే వద్దు. మూడు నాలుగు రోజుల ముందు చెప్పండి: "అమ్మా, శనివారం సాయంత్రం నీతో, నాన్నతో పెళ్ళి విషయం మాట్లాడాలనుకుంటున్నాను. ఓ ముప్పావు గంట. చెడ్డ వార్తేమీ లేదు." ఆ చివరి వాక్యం మర్చిపోవద్దు. ఉత్తగా "మాట్లాడాలి" అని వదిలేస్తే శనివారం వచ్చేలోపు వాళ్ళ మనసులో పది కథలు నడుస్తాయి. ముప్పావు గంట ఎందుకంటే, ఈ విషయం మీద గంట దాటితే కొత్త మాట పుట్టదు, పాత గాయాలే బయటికొస్తాయి.

రెండోది మొదటి వాక్యం. "మీరు అని మొదలుపెట్టకుండా నేను అని మొదలుపెట్టండి" అన్న సలహా మీరు వినే ఉంటారు. మంచిదే, కానీ దాన్ని చాలామంది ఇలా వాడతారు: "మీరు నన్ను అర్థం చేసుకోవట్లేదని నాకు అనిపిస్తోంది." అది 'అనిపిస్తోంది' తొడుక్కున్న నింద. పట్టుకోవడం తేలిక. 'అని అనిపిస్తోంది' తీసేసి మిగిలిన వాక్యం చదవండి. "మీరు నన్ను అర్థం చేసుకోవట్లేదు" మిగిలితే అది నిందే. దాని బదులు: "ఫోన్ చివర్లో ఆ ప్రశ్న వస్తుందని తెలిసి, ఈమధ్య ఫోన్ చేయాలంటేనే నాకు బెరుకుగా ఉంటోంది. మీతో మాట్లాడటం తగ్గిపోతోందని బాధగా ఉంది." ఇందులో ఎవరి మీదా తీర్పు లేదు. ఏం జరుగుతోందో, దానివల్ల ఏమవుతోందో మాత్రమే ఉంది.

అమ్మానాన్నలకీ ఇదే కొలత. "నీకు మా మీద ప్రేమ లేదేమో అనిపిస్తోంది" అంటే నింద. "ఆ మాట ఎత్తగానే నువ్వు ఫోన్ పెట్టేస్తుంటే, నీ గురించి మాకేమీ తెలియట్లేదని దిగులుగా ఉంది" అంటే కబురు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన భాగం. దీనికి కాస్త ఎక్కువ సమయం తీసుకుంటాను.

తలుపు తడుతున్న చేతిలో ఏముందో చూడాలి. "పెళ్ళెప్పుడు" అన్నది పైకి వినపడే ప్రశ్న. దాని వెనక వేర్వేరు భయాలు ఉండొచ్చు. ఒకరికి "మేము పోయాక దీనికి ఎవరుంటారు" అన్నది. ఇంకొకరికి "మా బాధ్యత తీరలేదు, మేమెక్కడో తప్పు చేశాం" అన్నది. మరొకరికి నలుగురిలో ఎదురయ్యే ప్రశ్నలు. ఒకే ఇంట్లో అమ్మది ఒక భయం, నాన్నది ఇంకొకటి కావచ్చు. ఏ భయమో తెలియకుండా చెప్పే జవాబు పక్కింటి తలుపు తీసినట్టే.

అడిగే తీరు ముఖ్యం. "ఎందుకు ఇన్నిసార్లు అడుగుతారు?" అంటే సంజాయిషీ అడిగినట్టు ఉంటుంది, వాళ్ళు వాదనకి దిగుతారు. "నాన్నా, నాకు పెళ్ళి కాకపోతే మీకు అన్నిటికంటే దిగులుగా ఉండేది దేని గురించి?" అనండి. అడిగి ఆగండి. మొదట వచ్చేది అలవాటైన జవాబు: "అందరికీ అయింది కదా." వెంటనే వాదించకండి. "అది కాక ఇంకేముంది?" అని మెల్లగా అడగండి. అసలు మాట సాధారణంగా రెండోసారో మూడోసారో వస్తుంది.

ఒక ఉదాహరణ నడిపిద్దాం. నాన్న చివరికి అన్నారు: "రేపు నీకు ఒంట్లో బాగోకపోతే ఎవరు చూస్తారమ్మా?" దీనికి "నా బతుకు నేను చూసుకుంటా" అన్నది జవాబు కాదు. ఆయన అడిగింది ధైర్యం గురించి కాదు, ఏర్పాటు గురించి. ముందు ఆయన మాట ఆయనకే తిరిగి చెప్పాలి: "అంటే మీరు లేని రోజున నేను ఆసుపత్రిలో ఒంటరిగా ఉంటానేమోనని మీ దిగులు. అదేనా?" ఆయన "అదే" అనేదాకా ముందుకు వెళ్ళకండి. ఆ తర్వాత వివరాలు: రాత్రి వేళ అవసరమైతే పిలవగల ఇద్దరి పేర్లు, వాళ్ళ నంబర్లు నాన్న ఫోన్‌లో ఉన్నాయా, ఆరోగ్య బీమా ఎంత ఉంది, దాని కాగితాలు ఎక్కడున్నాయి, బ్యాంకు ఖాతాలో నామినీ ఎవరు. ఇవి వింటే ఆయన పెళ్ళి ఊసు మానేస్తారని కాదు. కానీ "ఎవరు చూస్తారు" అన్న ప్రశ్నకి పెళ్ళి ఒక్కటే జవాబు కాకుండా పోతుంది. ఈ ఏర్పాట్లేవీ నిజంగా లేకపోతే, నాన్న భయంలో నిజం ఉందని ఒప్పుకుని అక్కడికక్కడే మొదలుపెట్టండి.

[తెర మీద: మూడు చీటీలు — "వద్దు", "కావాలి, కుదరలేదు", "ఇంకా తెలియదు".]

ఇప్పుడు మీ జవాబు. ఈ మూడింటిలో ఒకటి ఎంచుకుని స్పష్టంగా చెప్పండి. "వద్దు" అయితే, సంబంధాలు చూడటం ఆపమని అడగాలి. "కావాలి, కుదరలేదు" అయితే, వాళ్ళు ఎక్కడ సాయపడొచ్చో, ఎక్కడ వద్దో చెప్పాలి. "ఇంకా తెలియదు" కూడా పూర్తి జవాబే. కాకపోతే దానికో తేదీ జోడించండి: "మూడు నెలల తర్వాత నేనే ఈ మాట ఎత్తుతాను." అది నిర్ణయానికి పెట్టిన గడువు కాదు, మాటకి పెట్టిన తేదీ. ఆ రోజు కూడా "ఇంకా తెలియదు" అనొచ్చు. కానీ ఎత్తుతానన్న మాట మీరే ఎత్తాలి. మర్చిపోతే తలుపు మళ్ళీ మోగుతుంది, ఈసారి న్యాయంగానే.

ఇక బెదిరింపుకీ హద్దుకీ తేడా. "ఇంకోసారి అడిగితే ఫోనే ఎత్తను" అనేది బెదిరింపు. "ఈ ఏడాదిలోపు చేసుకోకపోతే మాతో మాట్లాడకు" అన్నదీ అంతే. స్వేచ్ఛ లాక్కుంటున్నారనిపిస్తే మనిషి దాన్ని నిలబెట్టుకోవడానికే ఎదురు తిరుగుతాడని జాక్ బ్రెమ్ అనే మనస్తత్వవేత్త 1966లోనే రాశారు. పెళ్ళికి సుముఖంగా ఉన్న అమ్మాయి కూడా గడువు వినగానే బిగుసుకుపోయేది ఇందుకే. హద్దు ఇలా ఉంటుంది: "తేదీకి ముందు ఆ మాట వస్తే ఆ రోజుకి ఫోన్ పెట్టేస్తానమ్మా. మర్నాడు నేనే చేస్తాను." తలుపు వేస్తున్నారు, మళ్ళీ ఎప్పుడు తీస్తారో చెప్పి వేస్తున్నారు. మర్నాడు నిజంగా చేయకపోతే అది కూడా బెదిరింపే అయిపోతుంది.

సమయం అయిపోతోంది, మిగతావి త్వరగా చెప్తాను.

మధ్యలో వేడెక్కితే ఆపండి. ఒకే వాక్యాన్ని రెండోసారి ఇంకా గట్టిగా అంటున్నారంటే, లేదా పదేళ్ళ కిందటి సంగతి బయటికొచ్చిందంటే, వినే శక్తి అయిపోయినట్టే. దంపతుల గొడవల మీద పరిశోధించిన జాన్ గాట్‌మన్ చెప్పేది కనీసం ఇరవై నిమిషాల విరామం. గుండె వేగం, ఒంట్లో పుట్టిన ఉద్రేకం దిగడానికి అంత పడుతుంది. "అరగంటలో వస్తాను" అని చెప్పి లేవండి. ఆ అరగంటలో తర్వాత ఏం అనాలో తయారుచేసుకుంటూ కూర్చుంటే విరామం పనిచేయదు.

కోరిక ఒక్కటే కోరండి, చిన్నది: "సంబంధాల ఫొటోలు రోజూ కాకుండా ఆదివారం ఒక్కసారి పంపండి" లాంటిది. వాళ్ళనీ ఒకటి కోరమనండి. బంధువులకి ఏం చెప్పాలో ముగ్గురూ కలిసి ఒక వాక్యం అనుకోండి: "తను ఆలోచిస్తోంది, ఏమైనా ఉంటే మేమే చెప్తాం." అమ్మానాన్నలకి చాలాచోట్ల అసలు ఇబ్బంది బయట జవాబు లేకపోవడమే.

ఒక ముఖ్యమైన పరిమితి. ఇంట్లో కొట్టడం, ఫోన్ లాక్కోవడం, బయటికి వెళ్ళనివ్వకపోవడం, ఇష్టం లేకుండా పెళ్ళి ఖాయం చేయడం లాంటివి ఉంటే ఈ పద్ధతి మీకు కాదు. అక్కడ మాట కంటే ముందు భద్రత చూసుకోవాలి. నమ్మకమైన మనిషికి చెప్పి, సహాయ కేంద్రాన్నో పోలీసులనో ఆశ్రయించాలి.

చివరిగా, రెండో వారంలో అమ్మ మళ్ళీ అడుగుతుంది. దాదాపు ఖాయం. ఇన్నేళ్ళ అలవాటు ఒక్క శనివారంతో పోదు. మాట తప్పిందని తీర్పు చెప్పకండి. "అమ్మా, మనం అనుకున్న తేదీ ఇంకా రాలేదు. ఆరోజు నేనే చెప్తాను. సరేగానీ, నాన్న కంటి పరీక్ష ఏమైంది?" అని ఆ మాటలోకి వెళ్ళిపోండి.