2,000 మీటర్ల బట్టలో 176 మీటర్లు ఎటు పోయాయి?

"అన్నా, 2,000 మీటర్ల బట్ట కటింగ్‌కి ఇచ్చాను. షర్ట్‌కి 1.60 మీటర్ల ఆవరేజ్ లెక్కన 1,250 రావాలి. 1,140 మాత్రమే వచ్చాయి. మాస్టర్‌ని అడిగితే వేస్టేజ్ అంటున్నాడు. నమ్మాలా, వద్దా?"

జీడిమెట్లలో చిన్న యూనిట్ నడుపుతున్న ఒకాయన పంపిన ప్రశ్న ఇది. కంపెనీ స్టాఫ్‌కి యూనిఫాం షర్టులు, ఫుల్ హ్యాండ్స్. నేను వాళ్ళ దగ్గరికే వెళ్ళి చూశాను. కటింగ్ అయిపోయి రెండు రోజులైంది కానీ, అదృష్టం బాగుండి చిందీ, అంటే కోతలో మిగిలే ముక్కలు, కొనేవాళ్ళు ఇంకా రాలేదు. గోనె సంచులు అక్కడే ఉన్నాయి. బట్ట పోయిందని అనుమానం వస్తే ముందు వెతకాల్సింది ఆ సంచుల్లోనే.

1,140 షర్టులకి 1.60 చొప్పున 1,824 మీటర్లు. ఇచ్చింది 2,000. అంటే 176 మీటర్లకి లెక్క చెప్పాలి. దాదాపు తొమ్మిది శాతం. మాస్టర్ గారు "వేస్టేజ్" అన్న ఒక్క మాటలో కట్టేసింది ఇదంతా.

మొదట ఒక అపోహ తీసేద్దాం. యజమాని నాకు చూపించింది నాలుగు సంచుల నిండా ఉన్న చిన్న చిన్న ముక్కలు. చంక దగ్గర వంపులో, కాలర్ పక్కన, చేతికీ బాడీకీ మధ్యలో తెగి పడే చిందీ. "చూడండి ఎంత పోయిందో" అన్నారు. ఆ చిందీ 176లోకి రాదండీ. మార్కర్ అంటే షర్ట్ ప్యాటర్న్ ముక్కలన్నీ బట్ట మీద ఎలా అమరాలో గీసుకునే పటం. అది వేసినప్పుడు ముక్కల మధ్య మిగిలే ఖాళీయే ఈ చిందీ, షర్ట్ మార్కర్‌లో సుమారు 15 శాతం ఉంటుంది. 1.60 అన్న ఆవరేజ్‌లోనే అది కలిసి ఉంది. దాన్ని మళ్ళీ లెక్కపెడితే ఒకే బట్టని రెండుసార్లు పోగొట్టుకున్నట్టు. మనకు కావాల్సింది ఆ సంచుల్లో కాదు, పక్కనున్న ఐదో సంచిలో ఉంది. అందులో పొడుగు ముక్కలున్నాయి.

ఆ పొడుగు ముక్కలు ఎండ్ బిట్లు. టేబుల్ మీద బట్ట పరిచేటప్పుడు ఒక్కో పొర ఇంత పొడవని ఉంటుంది కదా. రోల్ చివరికొచ్చేసరికి పూర్తి పొరకి చాలని ముక్క మిగులుతుంది. దాన్ని తెంపి పక్కన పడేసి కొత్త రోల్ ఎక్కిస్తారు. 20 రోళ్ళు కోశారు, 20 బిట్లు దొరికాయి. ఒక్కోటీ టేపు పెట్టి కొలిచాం. చిన్నది జానెడు, పెద్దది ఆరు మీటర్ల పైన. మొత్తం కలిపితే 58.5 మీటర్లు. నేత లోపాలు, మరకలు ఉన్నచోట కోసి తీసేసిన ముక్కలు ఇంకో 8 మీటర్లు.

ఇక్కడే ఇంకో సంగతి బయటపడింది. బిట్లను కొలుస్తూ నేను పన్నా, అంటే బట్ట వెడల్పు, కూడా కొలిచాను. ప్రతి బిట్టూ ఒక రోల్‌కి సాక్షి, రోల్ పోయినా దాని పన్నా ఎంతో బిట్టు చెబుతుంది. 14 బిట్లు 58 అంగుళాలు, ఆరు బిట్లు 56. యజమానికి ఈ విషయం తెలియదు. మాస్టర్ గారికి తెలుసు. ఆయన దాచలేదు కూడా, అడగ్గానే చెప్పారు: "ఆరు రోళ్ళు చిన్న పన్నా వచ్చినయ్ సార్, రెండు మార్కర్లు ఎవరు తీపిస్తరు, అన్నిటికీ 56 మార్కరే వేసిన."

నాలుగు షర్టుల మార్కర్ 58 పన్నాలో 6.40 మీటర్లు. కొటేషన్ ఇచ్చినప్పుడు 1.60 అని వచ్చింది దీని నుంచే. అదే నాలుగు షర్టులు 56 పన్నాలో ఇరికించాలంటే 6.60 కావాలి. పొరకి 20 సెంటీమీటర్లు ఎక్కువ. బట్ట పరిచిన లెక్క రాసే లే షీట్‌లో పొరల సంఖ్య 285 అని రాసి ఉంది. 285 పొరల మీద 20 సెంటీమీటర్లంటే 57 మీటర్లు. ఆరు రోళ్ళ వరకు అది తప్పదు. మిగతా 14 రోళ్ళలో పోయిన 40 మీటర్లు మాత్రం పోవాల్సిన అవసరం లేదు. మార్కర్ పక్కన రెండు అంగుళాల పట్టీ పొడుగునా వృథాగా తెగింది. చిందీ సంచుల్లో ఆ రిబ్బన్‌లు కూడా కనబడ్డాయి.

ఇక పొర చివర్లు. మార్కర్ 6.60 అయినా టేబుల్ మీద గీసుకున్న గీతల మధ్య దూరం 6.70 ఉంది. అటు ఐదు, ఇటు ఐదు సెంటీమీటర్లు. 285 పొరలకి 28.5 మీటర్లు. ఈ చివర్లు పూర్తిగా తీసేయలేం. బట్టని లాగి పరిస్తే అది తర్వాత వెనక్కి ముడుచుకుంటుంది, చివరి ముక్కలో కఫ్ కొసో, ఫ్రంట్ కొసో చాలకుండా తెగుతుంది. ఆ భయంతోనే హెల్పర్లు ఎక్కువ వదులుతారు. వదులుగా పరిచి, కోసేముందు కాసేపు ఆగితే అటు రెండు ఇటు రెండు సరిపోతుంది. అక్కడ 17 మీటర్లు మిగిలేవి.

ఇప్పుడు కూడదాం. పన్నా వల్ల 57, పొర చివర్లు 28.5, ఎండ్ బిట్లు 58.5, లోపాలు 8. మొత్తం 152. కావాల్సింది 176. ఇంకా 24 మీటర్లు ఎక్కడా దొరకలేదు.

ఈ 24 దగ్గర ఆగుదాం. మనిషి మీద నింద పడేది ఇక్కడే కాబట్టి. ఎవరైనా పట్టుకెళ్ళారా? లేక మిల్లు నుంచే తక్కువ వచ్చిందా? 2,000 అన్నది రోళ్ళ మీది స్టిక్కర్లు కూడితే వచ్చిన అంకె. స్టోర్ రిజిస్టర్‌లో కూడా అదే ఎక్కించారు. రోల్ దిగిన రోజు ఎవరూ కొలవలేదు. స్టిక్కర్ మీద అంకె మిల్లు చెప్పిన మాట, అంతే.

అదే లోడులో వచ్చిన మూడు రోళ్ళు కోయకుండా స్టోర్‌లో మిగిలాయి. వాటిని టేబుల్ మీద విప్పి కొలిచాం. 100 అని ఉన్నది 98.9. 98 అని ఉన్నది 96.7. 103 అని ఉన్నది 101.8. మూడూ తక్కువే, సగటున 1.2 మీటర్లు. దాన్ని 20 రోళ్ళకి వేస్తే సరిగ్గా 24. మూడు రోళ్ళు చూసి ఇరవైకి తీర్పు చెప్పలేం, ఆ మాట నేను యజమానితో అన్నాను. కానీ మాస్టర్ గారి మీద వేలు చూపడానికి మాత్రం అక్కడ ఏ ఆధారమూ లేదు. ఆయన తప్పు ఒకటుంది. పన్నా తేడా తెలిసీ పైకి చెప్పకపోవడం. అది వేరే తప్పు, దొంగతనం కాదు. ఆయన ఎదుటే ఈ మాట చెప్పాను.

సరే, మిగిలిన మూడు రోళ్ళతో రోల్ లెక్క ఎలా రాయాలో అక్కడే చూపించాను. 103 స్టిక్కర్ ఉన్న రోల్ తీసుకుందాం. దానికొక నంబర్ ఇచ్చి, స్టిక్కర్ పొడవు, కొలిచిన పొడవు, పన్నా ఒక చీటీ మీద రాసి రోల్‌కి కుట్టేశాం. కొలిస్తే 101.8, పన్నా 58. కాబట్టి 6.40 మార్కర్, చివర్లతో పొర 6.44. 15 పొరలు పడ్డాయి, అంటే 96.6 మీటర్లు. ఒకచోట దారం తెగి 40 సెంటీమీటర్లు తీసేశాం. చివర్లో 4.8 మీటర్ల బిట్టు మిగిలింది. మూడూ కూడితే 101.8. రోల్ లెక్క సరిపోయింది.

ప్రతిసారీ ఇంత సరిగ్గా రాదు, అర మీటరు అటూ ఇటూ ఉంటుంది. అంతకు మించి తేడా వస్తే ఆ తేడా సైజే కారణం చెబుతుంది. తేడా ఆరున్నర మీటర్లకి దగ్గరగా ఉంటే పొరలు లెక్కపెట్టడంలో ఒకటి తప్పింది, బండిల్స్ మళ్ళీ ఎంచండి. 15 పొరల మీద 105 నుంచి 120 సెంటీమీటర్లు తగ్గితే పొరకి ఏడెనిమిది సెంటీమీటర్లు ఎక్కువ వదిలారు, వెళ్ళి టేబుల్ మీద గీతలు కొలవండి. ఈ రెండింటికీ పొంతన లేకుండా మూడు మీటర్లో నాలుగు మీటర్లో తగ్గితే, అప్పుడు బిట్టు ఎక్కడుందని అడగాలి. 20 రోళ్ళూ కలిపి ఒకేసారి లెక్క చూస్తే ఈ తేడాలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. రోల్ వారీగా రాయమనేది అందుకే.

బిట్టుని సంచిలో పడేయొద్దు. రోల్ నంబర్ చీటీ దానికే పిన్ చేసి షెల్ఫ్‌లో పెట్టండి. ఒక్క షర్ట్ మార్కర్ వేస్తే 58 పన్నాలో ఇంచుమించు 1.80 పడుతుంది. ఆవరేజ్ ఎక్కువే, కానీ చిందీ ధరకి పోయే బట్ట అది. ఆ ఐదో సంచిలోని 20 బిట్లలో 22 షర్టులున్నాయి. ఒక షర్ట్ మొత్తం ఒకే బిట్టులోంచి వస్తుంది కాబట్టి షేడ్ గొడవ కూడా లేదు. కుట్టేటప్పుడు ఒక ఫ్రంట్ పాడైతే మార్చడానికీ అదే రోల్ బిట్టు కావాలి. వేరే రోల్‌లోంచి కోసి పెడితే లైటు కింద తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. చీటీ లేని బిట్టు ఈ పనికి రాదు.

ఇవన్నీ చేస్తే ఆ 2,000 మీటర్లలో 1,250 వచ్చేవా? రావు. 1.60 ఒట్టి మార్కర్ ఆవరేజ్. పొర చివర్లు, లోపాలు, చిన్న పన్నా, మిల్లు తక్కువ ఇచ్చింది, ఇవేవీ అందులో లేవు. పన్నా ప్రకారం రెండు మార్కర్లు, తక్కువ చివర్లు, బిట్లలోంచి షర్టులు, అన్నీ కలిపి నా లెక్కలో 1,190 దగ్గరకి వచ్చేది. కాబట్టి పార్టీకి రేటు చెప్పేటప్పుడే 1.60 మీద ఇంకాస్త వేసుకోవాలి. ఈ లోడు చూస్తే 1.68 సరైన అంకె.

ఆ మూడు రోళ్ళ కొలతలూ, టేపు పక్కన పెట్టి తీసిన ఫోటోలూ మిల్లుకి పంపించారు. 3.6 మీటర్లకి క్రెడిట్ నోట్ అడిగారు. కోసేసిన 20 రోళ్ళ గురించి మాత్రం అడగలేకపోయారు. చేతిలో ఉన్నది మిల్లు స్టిక్కర్లే.